చీర కన్నా ముందు బ్లౌజ్ లెక్క: మా బొటిక్ వాట్సాప్ అనుభవం

మా బొటిక్‌లో కొత్త చీరల సంగతి కస్టమర్లకు ఎప్పుడు చెప్పాలో బ్లౌజులు కుట్టే మాస్టర్ గారి డైరీ చూసి నిర్ణయిస్తాం. చీరలు ఏ రోజు వచ్చాయన్నది లెక్కలోకి రాదు. వరలక్ష్మీవ్రతానికి నాలుగు రోజుల ముందు ఎంత మంచి చీర ఫోన్‌లో కనిపించినా ఏం లాభం? ఫాల్, పీకో చేయించాలి, బ్లౌజ్ కుట్టించాలి. అప్పటికి ఊళ్లో ఏ టైలరూ కొత్త బట్ట పట్టుకోడు. అలాంటప్పుడు వచ్చిన మెసేజ్ చూసేవాళ్లకు పనికిరాదు. పనికిరాని మెసేజ్ నెలలో నాలుగుసార్లు వస్తే మన నంబర్ మ్యూట్‌లోకి వెళ్లిపోతుంది.

మా షాపు కూకట్‌పల్లిలో, నిజాంపేట రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక వీధిలో ఉంది. నేను, ఒక హెల్పర్ అమ్మాయి, వెనక గదిలో మాస్టర్ గారు. మగ్గం పని బయటికి ఇస్తాం. అమ్మేవి ఎక్కువగా చేనేత చీరలు, కుర్తీలు. దాంతోపాటు బ్లౌజులు కుడతాం. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే అమ్మాయిలు, బాచుపల్లి నుంచి మియాపూర్ దాకా ఉన్న పాత కస్టమర్లు మా దగ్గర కొంటారు. షాపు దాకా వచ్చి చూసేవాళ్ల కన్నా ముందు ఫోన్‌లో చూసి, నచ్చితే వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే వాట్సాప్ నాకు షాపులో రెండో కౌంటర్. ఈ కౌంటర్ మనిషి చేతిలో, ఆమె వంటింట్లో, ఆఫీసు మీటింగులో ఉంటుంది కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి.

నేనూ వేరే షాపులకు కస్టమర్‌నే. ఒక దుకాణం నుంచి పొద్దున్నే నలభై ఫోటోలు వరసగా వస్తాయి. ధర ఉండదు, చీర పేరు ఉండదు. అడిగితే "సోల్డ్ మేడమ్" అంటారు. ఇలాంటి షాపులను నేను ఎలా ఆర్కైవ్ చేస్తానో నా కస్టమర్లు కూడా నన్ను అలాగే చేస్తారని తెలుసు కాబట్టి, మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. రోజూ వచ్చే సరుకు స్టేటస్‌లో పెడతాం. ఉన్న సరుకంతా క్యాటలాగ్‌లో ఉంటుంది. ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా చేర్చే బ్రాడ్‌కాస్ట్ మాత్రం ఎవరికి ఈ నెల ఆ బట్టతో పని ఉందో వాళ్లకే. ఒక మనిషికి నెలలో రెండు మెసేజ్‌లు దాటవు. స్టేటస్ ఫోన్‌ను మోగించదు, తెరిచి చూడాలనుకున్నవాళ్లే చూస్తారు. అందుకే అక్కడ రోజుకు ఎన్ని పెట్టినా ఎవరూ ఏమీ అనరు.

బ్రాడ్‌కాస్ట్ గురించి కొత్తవాళ్లకు తెలియని విషయం ఒకటుంది. మన నంబర్‌ను తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. మనం వాళ్ల నంబర్ సేవ్ చేసుకుని లిస్టులో పెట్టుకున్నా, వాళ్లు మనది సేవ్ చేసుకోకపోతే మెసేజ్ వెళ్లదు. కొందరు దీన్ని ఇబ్బందిగా చూస్తారు. నాకు మాత్రం ఇది పెద్ద సాయం. తన ఫోన్‌లో నా పేరు రాసుకున్న మనిషి నా మెసేజ్‌కు తలుపు తీసినట్టే. అందుకని ఎక్కడి నుంచో నంబర్ల లిస్టు కొనడం, అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి నంబర్లు ఏరుకోవడం లాంటి పనులు మేం చేయం. చేసినా చేరవు. ఒక్కొక్కరికీ విడిగా పంపితే చేరతాయి కానీ, తెలియని నంబర్ అని నలుగురు రిపోర్ట్ కొడితే అకౌంటే ఆగిపోవచ్చు.

మరి సేవ్ ఎలా చేయిస్తాం? బిల్లు కౌంటర్ దగ్గర ఒక క్యూఆర్ కార్డు పెట్టాం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో షార్ట్ లింక్ అని ఉంటుంది, క్యూఆర్ అక్కడే దొరుకుతుంది. దాన్ని స్కాన్ చేస్తే మాతో చాట్ తెరుచుకుంటుంది, అందులో ముందే రాసిపెట్టిన ఒక వాక్యం కనిపిస్తుంది. మేం రాసినది ఇది: "కొత్త చీరలు వస్తే చెప్పండి." కస్టమర్ దాన్ని తనే పంపాలి. అలా వచ్చిన మెసేజ్ కింద నేను "సరేనండీ, మా నంబర్ సేవ్ చేసుకుంటేనే మీకు వస్తుంది. ఏవి చూపించమంటారు, చీరలా, కుర్తీలా?" అని అడుగుతాను. చాలామంది అక్కడే నిలబడి సేవ్ చేసుకుంటారు. ఇష్టం లేనివాళ్లు కార్డు చూసి నవ్వి వెళ్లిపోతారు. వాళ్లను ఇంకోసారి అడగం. బిల్లు మీద నంబర్ ఇచ్చినంత మాత్రాన మెసేజ్‌లకు ఒప్పుకున్నట్టు కాదని హెల్పర్‌కు గట్టిగా చెప్పాను.

గ్రూపు ఎందుకు పెట్టలేదని తరచుగా అడుగుతారు. గ్రూపులో ఒకరి నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. తన నంబర్ తెలియని మనిషి చేతిలో పడటం ఏ ఆడమనిషికీ నచ్చదు. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వారికి విడిగా వచ్చినట్టే ఉంటుంది, జవాబు కూడా నాకొక్కదానికే వస్తుంది. అక్కడితో ఆ చర్చ అయిపోయింది.

ఇక లేబుళ్లు. బిజినెస్ యాప్‌లో ఒక్కో చాట్‌కు లేబుల్ తగిలించవచ్చు. యాప్ ఇచ్చే కొత్త కస్టమర్, డబ్బు రావాలి లాంటివి ఆర్డర్ల కోసం వాడుకుంటాం. మెసేజ్ ఎవరికి పంపాలో తేల్చేవి మాత్రం మేం పెట్టుకున్నవే: చేనేత, కుర్తీ, మగ్గం, పెళ్లిపని. కస్టమర్ నోటితో చెప్పినదాన్ని బట్టే లేబుల్ పడుతుంది. కుర్తీ కొన్న అమ్మాయికి చీరలు కూడా చూపిద్దాం, చూస్తే కొంటుందేమో అనే ఆశ మాకూ కలుగుతుంది. ఆ ఆశ కోసం స్టేటస్ ఉంది. "పెళ్లిపని" లేబుల్‌కు ఆయుష్షు తక్కువ. పెళ్లి అయిపోగానే తీసేస్తాం. పెళ్లయిన మూడు నెలలకు కూడా పెళ్లికూతురి బ్లౌజ్ డిజైన్లు పంపేవాళ్లను చూశాను.

అన్నిటికన్నా నేను పట్టుగా చూసే లేబుల్ "ఇప్పుడు వద్దు". ఒక పాత కస్టమర్ ఆంటీ బతుకమ్మకు ముందు ఫోన్ చేసి, "అమ్మా, మా ఇంట్లో పెద్దాయన పోయారు, ఈ ఏడాది మాకు పండగలు లేవు" అన్నారు. కుట్టడానికి ఇచ్చిన బట్టలు నెమ్మదిగా తీసుకుంటానని చెప్పడానికే ఆమె ఫోన్ చేశారు. ఆ మాట విన్నాక ఆమె పేరు ఏ పండగ లిస్టులోనూ ఉండకూడదు. ఇంట్లో ఏడాదిలోపు పెద్దవాళ్లు పోయినవాళ్లకు "దసరా కలెక్షన్" అని రంగురంగుల పట్టుచీరలు వెళితే అది ఎంత నొప్పి! మనకు తెలియకుండా వెళితే వాళ్లూ అర్థం చేసుకుంటారు. చెప్పిన తర్వాత కూడా వెళితే ఇక ఆ మనిషి మన షాపు గడప తొక్కదు, తొక్కమనడం కూడా న్యాయం కాదు. ఆంటీ చాట్‌కు "ఇప్పుడు వద్దు" తగిలించి, ఆమె కాంటాక్ట్ పేరు పక్కన మళ్లీ పండగ ఎప్పటి నుంచో నెల రాసుకున్నాను. ఉద్యోగం పోయిందని చెప్పినవాళ్లు, ఆస్పత్రి పనుల్లో ఉన్నామన్నవాళ్లు కూడా ఈ లేబుల్‌లోకే వెళ్తారు. ఎందుకు వెళ్లారో హెల్పర్‌కు చెప్పను, తనకు ఆ లేబుల్ కనిపిస్తే చాలు.

లేబుల్‌కూ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకూ ఉన్న తేడా గుర్తుపెట్టుకోవాలి. లేబుల్‌లో ఉన్నవాళ్లతో ఒక లిస్టు చేసుకోవచ్చు. ఆ తర్వాత లేబుల్ మార్చినా పాత లిస్టు మారదు. ఆంటీకి లేబుల్ మార్చి, లిస్టులోంచి పేరు తీయకపోతే మెసేజ్ వెళ్లిపోతుంది. అందుకే మేం పాత లిస్టును మళ్లీ వాడం. ప్రతిసారీ కొత్తగా చేస్తాం, ఒక్కో పేరూ చదువుతూ. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. మాకు అంత అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకో కింద చెప్తాను.

ఒక శ్రావణమాసానికి నారాయణపేట కాటన్ చీరలు 18 తెప్పించాం. గళ్లు, ఎదురు రంగు అంచు, ఒక్కో రంగు ఒక్కటే. ఆ ఒక్క లాట్ ఎలా నడిచిందో వివరంగా చెప్తే మిగతాదంతా దాంట్లోనే ఉంటుంది.

ముందు తేదీ. వరలక్ష్మీవ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. సీజన్‌లో లైనింగ్ బ్లౌజ్ మాస్టర్ గారి చేతిలో వారం ఉంటుంది, ఫాల్ పీకోకు రెండు రోజులు. మగ్గం పని ఉంటే రెండు వారాలు పైమాటే. కస్టమర్ ఒకసారి వేసుకుని చూసి చంకల దగ్గర బిగుతుగా ఉందంటే సరిచేయడానికి రెండు రోజులు మిగలాలి. ఇలా వెనక్కి లెక్క వేస్తే, మామూలు బ్లౌజుకు చీర ఆషాఢ అమావాస్య లోపు, మగ్గం పనికి దానికి వారం ముందే మా దగ్గరికి రావాలి. అంటే మెసేజ్ అమావాస్యకు పది రోజుల ముందు వెళ్లాలి. అది నిండు ఆషాఢం. నగరమంతా ఆషాఢం సేల్ బోర్డులు, అందరి ఫోన్లలో డిస్కౌంట్ మెసేజ్‌లు. ఆదివారాలు బోనాలు, ఆ రోజు ఎవరూ ఫోన్ వైపు చూడరు. కొన్ని ఇళ్లలో మంగళవారం కొత్త బట్ట కొనరు. మేం బుధవారం ఎంచుకున్నాం. ఇంట్లో ఉండేవాళ్లకు పదకొండున్నరకు, పిల్లలు స్కూలుకు వెళ్లి వంట ఒక కొలిక్కి వచ్చాక. ఉద్యోగాలు చేసేవాళ్లకు రాత్రి ఎనిమిదింటికి. తొమ్మిది దాటితే ఏ మెసేజూ పంపం.

ఆ ముందు రోజు పని అంతా క్యాటలాగ్‌దే. క్యాటలాగ్‌లో పెట్టిన ప్రతి వస్తువునూ వాట్సాప్ వాళ్లు ఒకసారి చూసి ఒప్పుకున్నాకే బయటివాళ్లకు కనిపిస్తుంది. అందుకని మెసేజ్ పంపే గంట ముందు కూర్చుంటే కుదరదు. ఒక వస్తువుకు పది ఫోటోల దాకా పెట్టుకోవచ్చు, మేం నాలుగే పెడతాం: బొమ్మకు కట్టిన చీర, పరిచిన పల్లూ, దగ్గర నుంచి అంచు, బ్లౌజ్ పీస్. ఫోటోలు బాల్కనీలో పొద్దున పదింటికి, ఎండ నేరుగా పడని చోట తీస్తాం. ట్యూబ్‌లైట్ కింద తీస్తే నెమలికంఠం రంగు నీలంలా వస్తుంది. ఫిల్టర్ అసలు వాడం. ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అయితే మనం ఎంత తక్కువ మెసేజ్‌లు పంపినా నమ్మకం పోతుంది. మెరూన్ చీరకు కెమెరా ఎప్పుడూ కాస్త ఎరుపు పూస్తుంది. దాని వివరాల్లో "ఫోటో కన్నా ఒక పాలు ముదురు" అని రాశాం.

పేరు దగ్గర "బ్యూటిఫుల్ సారీ" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. మేం రాసింది ఇలా: "నారాయణపేట కాటన్, ఆకుపచ్చ గళ్లు, మెరూన్ అంచు". ధర 1,450. ఐటమ్ కోడ్ NP07. వివరాల్లో చీర అయిదున్నర మీటర్లు, బ్లౌజ్ పీస్ 80 సెంటీమీటర్లు, మొదటి ఉతుకు విడిగా చన్నీళ్లలో, ఒక్కటే ఉంది. ఏ దేశంలో తయారైందో కూడా యాప్ అడుగుతుంది, అది నింపాలి. 80 సెంటీమీటర్ల సంగతి రాయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. పొడుగు చేతులు కావాలనుకునేవాళ్లకు, ఒళ్లు కాస్త ఎక్కువగా ఉన్నవాళ్లకు ఆ బట్ట సరిపోదు. ముందే తెలిస్తే వేరే బట్ట చూసుకుంటారు, తర్వాత తెలిస్తే మనతో పేచీ పడతారు. కుర్తీలకైతే సైజు అక్షరం ఒక్కటే రాస్తే చాలదు, ఛాతీ 40, నడుము 38, పొడవు 46 అని బట్టను కొలిచి అంగుళాలు రాస్తాం. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీ ఎక్సెల్ అవుతుంది.

పద్దెనిమిదింటినీ ఒక కలెక్షన్‌గా చేశాం. క్యాటలాగ్ లింక్ పంపితే మనిషి లోపలికి వెళ్లి తనకు నచ్చినంతసేపు చూసుకుంటుంది. ఆమె ఫోన్ గ్యాలరీలో మన ఫోటోలు పడవు. ఫోన్ నిండిపోయిందని విసుక్కునే అత్తలను చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద మేలో తెలుసు.

తర్వాత ఎంతమందికి పంపాలి? చేనేత లేబుల్‌లో ఉన్నవాళ్లు అప్పటికి 130 పైచిలుకు. అందరికీ ఒకేసారి పంపితే 18 చీరలకు నలభై మంది అడుగుతారనుకుందాం. ఇరవైమందికి పైగా "అయిపోయిందండీ" అని చెప్పాలి. మనసు పెట్టి చూసి, ఇంట్లో వాళ్లకు చూపించి, అడిగాక లేదన్న మాట వినడం మెసేజ్ కన్నా ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఆమె లింక్ తెరవదు. కాబట్టి చీరకు ముగ్గురు చొప్పున లెక్క వేసుకుని, మొదట యాభై చిల్లర మందికే పంపాం. "ఇప్పుడు వద్దు"లో ఉన్నవాళ్లను, పోయిన నెలలోనే నారాయణపేట కొన్నవాళ్లను, ఆ వారంలో కుట్టు ఆలస్యమైందని మా మీద కోపంగా ఉన్న ఇద్దరిని పక్కన పెట్టాం. కోపంగా ఉన్న మనిషికి ముందు ఆమె బ్లౌజ్ చేరాలి. దానికి ముందే కొత్త చీర ఫోటో చేరితే ఏమనుకుంటుంది?

పంపిన మెసేజ్ ఇది, ఒక్క ఫోటోతో:

"నమస్తే అండీ. నారాయణపేట కాటన్ చీరలు వచ్చాయి, 1,450 నుంచి 1,850 దాకా. ఒక్కో రంగు ఒక్కటే ఉంది. వరలక్ష్మీవ్రతానికి బ్లౌజ్ కుట్టించాలంటే అమావాస్య లోపు, మగ్గం పనికి దానికి వారం ముందే ఇస్తే టైమ్‌కి అందిస్తాం. అన్నీ ఈ లింక్‌లో చూడొచ్చు. ఇలాంటి మెసేజ్‌లు వద్దనుకుంటే 'వద్దు' అని పెట్టండి, ఆపేస్తాం."

ధర లేకుండా పంపి "ప్రైస్ ప్లీజ్" అని అడిగించుకుంటే చాట్‌లు పెరుగుతాయని కొందరు చెప్తారు. చాట్‌లు పెరుగుతాయి, నిజమే. కానీ ధర తెలుసుకోవడానికి మెసేజ్ పెట్టాల్సి రావడం చాలామందికి మొహమాటం. ఎక్కువైతే కాదని చెప్పడం ఇంకా మొహమాటం. ఆ రెండు మొహమాటాలూ లేకపోతే మళ్లీ అడగడానికి జంకరు. "త్వరపడండి", "లాస్ట్ పీస్", ఆశ్చర్యార్థకాలు, మంట బొమ్మలు మేం పెట్టం. ఒక్కటే ఉందంటే నిజంగా ఒక్కటే ఉండాలి.

మెసేజ్ వెళ్లాక మొదటి రెండు గంటలు ఫోన్ నా చేతిలోనే ఉంటుంది. పంపి వేరే పనిలో పడితే అది పంపనట్టే. హెల్పర్ ఫోన్ కూడా అదే అకౌంట్‌కు లింక్ అయి ఉంటుంది, ఇద్దరం జవాబులిస్తాం. ఇక్కడే ఒకే చీరను ఇద్దరికి ఒప్పుకునే ప్రమాదం ఉంది. కస్టమర్ కార్ట్‌లో వేసి పంపినా వాట్సాప్ ఆ చీరను ఆమె కోసం పట్టి ఉంచదు. అదే చీరను ఇంకొకరూ పంపవచ్చు. అందుకే మాకు ఒక నోట్‌బుక్ ఉంది. కోడ్, పేరు, టైమ్. మెసేజ్ ఏ నిమిషానికి వచ్చిందో అదే వరస. NP07ను ఆ రోజు ఆరు నిమిషాల తేడాతో ఇద్దరు అడిగారు. మొదటి ఆమెకు "మీకోసం రాత్రి ఎనిమిది దాకా పక్కన పెట్టాం అక్కా" అని చెప్పి, రెండో ఆమెకు "ముందే ఒకరు అడిగారండీ, వాళ్లు వద్దంటే ఎనిమిదింటికి మీకే చెప్తాను. ఈలోగా ఇదే అంచుతో ఆవపువ్వు రంగు ఉంది, చూస్తారా?" అని రాశాను. మొదటి ఆమె తీసుకున్నారు. ఎనిమిదింటికి రెండో ఆమెకు ఆ మాటే చెప్పాను. ఆమె మర్నాడు షాపుకొచ్చి ఆవపువ్వు రంగు చీర చేత్తో పట్టుకుని చూసి కొన్నారు. చెప్పిన టైమ్‌కి కాదనైనా చెప్పడం వల్లే వచ్చారని నా నమ్మకం.

అమ్ముడైన చీరను వెంటనే క్యాటలాగ్‌లో దాచేస్తాం. డిలీట్ చేయం, హైడ్ చేస్తాం. అదే నేత మళ్లీ వస్తే ఫోటోలు, వివరాలు సిద్ధంగా ఉంటాయి. రాత్రి లింక్ తెరిచేవాళ్లకు ఉన్నవి మాత్రమే కనిపించాలి. ఆ సాయంత్రానికి పది చీరలు పోయాయి. మిగిలిన ఎనిమిదింటి కోసం గురువారం ఇంకో పాతికమందికి పంపాం, మొదటి లిస్టులో లేనివాళ్లకు. చూసి జవాబివ్వనివాళ్లకు "చూశారా మేడమ్?" అని మళ్లీ గుర్తుచేయడం మా దగ్గర లేదు. నీలం టిక్కులు పడ్డాయంటే చూశారు. నచ్చితే వాళ్లే అడుగుతారు.

ఆటోమేటిక్ మెసేజ్‌ల విషయంలో ఒక సెట్టింగ్ మార్చుకోవాలి. గ్రీటింగ్ మెసేజ్ అనేది మొదటిసారి రాసినవాళ్లకే కాదు, 14 రోజులు మాటల్లేక మళ్లీ రాసినవాళ్లకూ వెళ్తుంది. పదేళ్ల కస్టమర్ "నా బ్లౌజ్ అయిందా?" అని అడిగితే "మా బొటిక్‌కు స్వాగతం" అని వెళ్లడం బాగుండదు. ఎవరికి వెళ్లాలో అడిగే చోట, మన కాంటాక్టుల్లో లేనివాళ్లకు మాత్రమే అని పెట్టుకుంటే ఇది ఆగిపోతుంది.

శుక్రవారం పొద్దున లెక్క చూసుకున్నాం. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌ను నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే ఎవరికి చేరింది, ఎవరు చదివారు పేర్లతో సహా కనిపిస్తుంది. రీడ్ రిసీట్లు ఆపుకున్నవాళ్లు చదివినా చదివినట్టు రాదు, కాబట్టి చదవనివాళ్ల గురించి తొందరపడి ఏదీ అనుకోకూడదు. నేను చూసేది చేరనివాళ్ల పేర్లు. ఎప్పుడూ చేరే మనిషికి ఈసారి ఒకటే టిక్కు ఉందంటే ఫోన్ ఆగి ఉండొచ్చు, ఫోన్ మార్చి నంబర్లు పోయి ఉండొచ్చు, మమ్మల్ని తీసేసి ఉండొచ్చు, బ్లాక్ చేసి ఉండొచ్చు. ఏదో మనకు తెలియదు, తెలుసుకోవడానికి ప్రయత్నించకూడదు కూడా. వరసగా మూడు మెసేజ్‌లు చేరకపోతే లిస్టులోకి తీసుకోం. ఆమె షాపుకొస్తే కార్డు ఎలాగూ కౌంటర్ మీదే ఉంటుంది.

ఆ లాట్‌కు ఇద్దరు "వద్దు" అని పెట్టారు. ఇద్దరికీ ఒకటే జవాబు: "సరేనండీ, ఇక పంపం. కుట్టు పని గురించి ఎప్పుడైనా రాయండి." ఎందుకని అడగలేదు, "ఒక్కసారి ఈ ఆఫర్ చూడండి" అనలేదు. అప్పటికప్పుడే చేనేత లేబుల్ తీసేసి, కాంటాక్ట్ పేరు చివర "మెసేజ్ వద్దు" అని రాసుకున్నాం. వాళ్లలో ఒకామె తర్వాత కూడా బ్లౌజులు మా దగ్గరే కుట్టించుకుంటున్నారు. బ్లౌజ్ రెడీ అయిందని చెప్పే మెసేజ్ ఆమెకు వెళ్తుంది, చీరల మెసేజ్ వెళ్లదు. ఈ రెండూ వేర్వేరని హెల్పర్‌కు అర్థమయ్యేలా చెప్పడానికి కొంచెం సమయం పట్టింది, ఎందుకంటే రెండూ ఒకే చాట్‌లో ఉంటాయి.

వ్రతం నాటికి మూడు చీరలు మిగిలాయి. వాటి కోసం ఎవరికీ మెసేజ్ పంపలేదు. స్టేటస్‌లో రోజుకొకటి పెట్టాం, క్యాటలాగ్‌లో అలాగే ఉంచాం. రెండు పోయాయి, ఒకటి షాపులో బొమ్మకు కట్టి ఉంది. బతుకమ్మ, దసరా కోసం గద్వాల్ చీరలు చెప్పి ఉంచాం. వాటికి మెసేజ్ ఏ రోజు వెళ్లాలో ఇంకా తేల్చలేదు. మాస్టర్ గారి అమ్మాయి పెళ్లి ఆ నెలలోనే ఉంది, ఆయన పది రోజులు రారు. ఆ పది రోజులూ లెక్కలో తీసేసి, మెసేజ్ ఇంకా ముందే పంపాలి.